ప్రసన్న గారి గురించి నా సిఫార్సు: ఎగుమతి డాక్యుమెంటేషన్, విశాఖపట్నం

ప్రసన్న గారూ నేనూ 2019 నుంచి 2023 వరకు విశాఖపట్నంలో ఒకే కార్గో ఏజెన్సీలో పనిచేశాం. ఎగుమతి డాక్యుమెంట్ల పని ఆవిడది. ట్రైలర్లు, కంటైనర్లు, యార్డు నావి. మేం పంపే సరుకులో ఎక్కువ భాగం ఫ్రోజెన్ రొయ్యలే. భీమవరం వైపు నుంచి, కాకినాడ వైపు నుంచి చల్లదనం నిలిపే రీఫర్ కంటైనర్లలో వచ్చి ఇక్కడ ఓడ ఎక్కేవి. కాగితంలో ఒక్క అంకె తప్పు పడితే పోర్టు గేటు దగ్గర ఆగిపోయేది నా బండే. అందుకే ఆవిడ పని గురించి మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్నాను.

కష్టపడే మనిషి, అందరితో కలిసిపోతారు, నమ్మకస్తురాలు. ఇవన్నీ నిజమే. కానీ ఈ మాటలు ఎవరి గురించైనా రాయొచ్చు, చదివినవాళ్లకి వీటివల్ల ఏమీ తెలియదు. ఆవిడ ఏం చేస్తుండగా నేను చూశానో అది రాస్తాను.

కొత్త కస్టమర్ ఒకరు ఇన్వాయిస్ పంపారు. పొట్టు తీసిన ఫ్రోజెన్ రొయ్య, పక్కన 0306 17 అని కస్టమ్స్ కోడ్. చూడ్డానికి అంతా బాగానే ఉంది. ప్యాకింగ్ లిస్టులో మాత్రం బ్రాండ్ పేరు పక్కన చిన్న అక్షరాల్లో ‘కుక్‌డ్’ అని ఉంది. అది ప్రసన్న గారి కంట పడింది. పచ్చి రొయ్యని ఫ్రీజ్ చేస్తే 0306 కిందకి వస్తుంది. పొట్టు తీసి ఉడికించినదైతే 1605 కిందకి పోతుంది. కోడ్ మారితే దిగుమతి చేసుకునే దేశంలో సుంకం మారొచ్చు, ఇక్కడ షిప్పింగ్ బిల్లు మార్చాలి, సర్టిఫికెట్లలో వివరాలు కలవకపోతే అక్కడి పోర్టులో సరుకు నిలిచిపోతుంది. ఆవిడ తనంతట తాను కోడ్ మార్చేయలేదు. ఇన్వాయిస్ తయారుచేసిన అకౌంట్స్ వాళ్లనీ అడగలేదు. నేరుగా ప్లాంటులో ప్రొడక్షన్ చూసే ఆయనకి ఫోన్ చేశారు. “సార్, ఈ లాటు ఉడికించినదా, పచ్చిదే ఫ్రీజ్ చేశారా?” ఉడికించినదే. షిప్పింగ్ బిల్లు వేయకముందే కొత్త ఇన్వాయిస్ వచ్చింది, బండి అనుకున్న రోజే కదిలింది.

ఆ సమాధానం ఎవరి దగ్గర ఉంటుందో ఆవిడకి తెలుసు. నా దృష్టిలో ఇది కోడ్‌లు కంఠతా వచ్చి ఉండటం కన్నా పెద్ద విషయం. కోడ్ పుస్తకంలో దొరుకుతుంది. రొయ్యని ఉడికించారో లేదో ప్లాంటులో ఉన్న మనిషే చెప్పాలి.

యూరప్‌కి వెళ్లే ప్రతి సరుకుకీ ఆవిడ మొదట అడిగే ప్రశ్న ఒకటే: “సముద్రం రొయ్యా, చెరువు రొయ్యా?” సముద్రంలో పట్టినదైతే క్యాచ్ సర్టిఫికెట్ ఉండాలి. 2010 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఆ నిబంధన ఉంది. చెరువులో పెంచినదైతే అది అక్కర్లేదు గానీ, పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ అవశేషాల కోసం చేయించిన పరీక్ష సర్టిఫికెట్ చూపాలి. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే సరుకూ, గోదావరి జిల్లాల చెరువుల సరుకూ రెండూ ఒకే ఊరి మీదుగా వెళ్లే మాలాంటి చోట ఈ ప్రశ్న ఆలస్యంగా అడిగితే కంటైనర్ నిండిపోయాక కాగితాల కోసం పరుగెత్తాలి. ఆవిడ బుకింగ్ మెయిల్ వచ్చిన గంటలోనే అడిగేవారు.

రీఫర్ బుకింగ్‌లో ఉష్ణోగ్రత ‘-18’ అని ఉండాలి. ఆ మైనస్ గుర్తు మెయిల్ నుంచి ఫారానికి, ఫారం నుంచి సిస్టమ్‌కి మారేటప్పుడు ఎక్కడైనా రాలిపోవచ్చు. అందుకని ఆవిడ అంకె పక్కనే ‘మైనస్ పద్దెనిమిది డిగ్రీలు, ఫ్రోజెన్, వెంట్ మూసి ఉంచాలి’ అని మాటల్లో కూడా రాసేవారు. ఖాళీ రీఫర్ ప్లాంటుకి బయల్దేరే ముందు డిస్‌ప్లే ఫోటో తీసి పంపమని నా డ్రైవర్లకి అలవాటు చేసింది కూడా ఆవిడే. మొదట్లో వాళ్లు విసుక్కున్నారు. తర్వాత వాళ్లే అడక్కుండా పంపడం మొదలుపెట్టారు, ఎందుకంటే ఫోటో ఉంటే తర్వాత మాట వాళ్ల మీదకి రాదని అర్థమైంది. ఆవిడ ఆ సంగతి వాళ్లకి విడమరిచి చెప్పారు. ఆర్డర్ వేసి వదిలేయలేదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునే సంగతి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు మాది. తుఫాను కబురు వస్తే ఇక్కడ ఎవరూ తేలిగ్గా తీసుకోరు. మేం కలిసి పనిచేసిన రోజుల్లో ఓ నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోందని బులెటిన్లు వస్తున్నాయి. షిప్పింగ్ లైన్ నుంచి మాత్రం ఏ మెయిలూ లేదు, షెడ్యూల్‌లో ఓడ వస్తున్నట్టే ఉంది. ప్రసన్న గారు వాతావరణ శాఖ బులెటిన్ ముందు పెట్టుకుని మా కంటైనర్లన్నిటినీ విడదీసి రాశారు. యార్డులో కరెంటు ప్లగ్గు మీద ఉన్నవి వేరు, జెన్‌సెట్‌తో రోడ్డు మీద ఉన్నవి వేరు, ప్లాంటులో ఇంకా సరుకు ఎక్కించనివి వేరు. ఆ కాగితం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, “మనం ఇప్పుడు కాపాడగలిగేది ఈ మూడో లిస్టుని” అన్నారు.

ఆ మాటలో చాలా ఉంది. సరుకు ప్లాంటు కోల్డ్ స్టోరేజీలో ఉన్నంతసేపు క్షేమం. కంటైనర్‌లోకి ఎక్కిన మరుక్షణం నుంచి దానికి ప్లగ్గు కావాలి, లేదా డీజిల్ కావాలి. ఓడ రాకపోతే, యార్డులో కరెంటు పోతే, ప్రతి గంటా టెన్షనే. మేనేజర్ ఒప్పుకోగానే ఆవిడ కస్టమర్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి స్టఫింగ్ ఆపమన్నారు. ఒకాయన గట్టిగానే కోప్పడ్డారు. ఓడ వస్తుందని వెబ్‌సైట్లో కనిపిస్తోంది కదా, మీరెవరు ఆపడానికి అని. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: “ఓడ రాదని నేను చెప్పట్లేదు సార్. వస్తుందని కూడా చెప్పలేకపోతున్నాను. సాయంత్రం ఆరింటికి మళ్లీ ఫోన్ చేస్తాను.”

ఆరింటికి కొత్త కబురేమీ లేదు. మామూలుగా మనం ఏం చేస్తాం? చెప్పడానికేమీ లేదు కదా అని ఊరుకుంటాం. ఆవిడ ఆరింటికి అందరికీ ఫోన్ చేసి, ఇంకా ఏమీ తేలలేదు, రేపు పొద్దున తొమ్మిదింటికి చెప్తానన్నారు. పొద్దున తొమ్మిదింటికి మళ్లీ చేశారు. ఆ తర్వాతే లైన్ మెయిల్ వచ్చింది, ఓడ ఈ పోర్టుకి రాకుండా వెళ్లిపోతోందని. బెర్తుల్లో ఉన్న ఓడల్ని కూడా సముద్రంలోకి పంపేశారు. మా మూడో లిస్టులోని సరుకంతా ప్లాంటుల్లోనే భద్రంగా ఉంది. రోడ్డు మీద ఉన్నవాటితోనూ యార్డులో ఉన్నవాటితోనూ మేం పడ్డ అవస్థ చూస్తే, ఆ మూడో లిస్టు కూడా వాటికి తోడై ఉంటే ఏమయ్యేదో ఊహించుకోగలను. కోప్పడ్డ ఆ కస్టమర్ తర్వాత ప్రతి బుకింగ్‌కీ ముందు ప్రసన్న గారి నంబర్‌కే చేసేవారు.

సరుకు ఎగుమతి పనిలో “అయిపోతుంది సార్” అనే మాట చాలా చవక. అందరం వాడతాం. ఆవిడ నోట ఆ మాట నేను విన్నది నిజంగా అయిపోయే సందర్భాల్లోనే. తెలియకపోతే తెలియదు అంటారు, ఎప్పటికి తెలుస్తుందో చెప్తారు, ఆ వేళకి ఫోన్ చేస్తారు. ఇంత చిన్న అలవాటు మీద ఎంత వ్యాపారం నిలబడుతుందో ఆవిడ మానేసి వెళ్లాకే మా ఆఫీసుకి బాగా తెలిసింది.

2020 లాక్‌డౌన్ గురించి పొడుగ్గా రాయను. విమానాలు ఆగి ఒరిజినల్ కాగితాలు కొరియర్‌లో చేరని ఆ రోజుల్లో, ఏ కొనుగోలుదారు ఓడ కంపెనీ సరుకుకి ఇచ్చే ఒరిజినల్ బీఎల్ కాగితం చేతికి రాకుండానే సరుకు విడిపించుకునే టెలెక్స్ రిలీజ్‌కి ఒప్పుకుంటారో, ఎవరికి బ్యాంకు ద్వారానే పోవాలో ఆవిడ ఇంటి నుంచే ఒక్కొక్కటీ తేల్చారు.

నేర్పించే విషయంలో ఆవిడది ఉదారమైన చెయ్యి. కంటైనర్ నంబర్‌లో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక చెక్ అంకె ఉంటాయి. ఆ చివరి అంకె ముందున్న వాటినుంచి లెక్కకట్టి వచ్చేదే. ఎక్కడైనా ఒక అంకె తప్పుగా కొడితే సాధారణంగా లెక్క కుదరదు. ఆవిడ దానికి ఎక్సెల్‌లో ఒక షీటు చేసి టీమ్ అందరికీ ఇచ్చారు. ఇచ్చి ఊరుకోకుండా, కొత్తగా చేరిన పిల్లల్ని కూర్చోబెట్టి ఒక నంబర్‌కి కాగితం మీద చేత్తో లెక్క చేయించారు. షీటు పాడైతే కంగారు పడకూడదు కదా అనేవారు. ఆ పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు స్వతంత్రంగా అమెరికా షిప్‌మెంట్లు చూస్తున్నారు. అమెరికాకి వెళ్లే ఓడలో ఎక్కించడానికి 24 గంటల ముందే వివరాలు అక్కడి కస్టమ్స్‌కి చేరాలి కాబట్టి అది తీరుబడిగా దిద్దుకునే పని కాదు. తనకి మాత్రమే తెలిసిన పని అంటూ ఆవిడ దగ్గర ఏమీ ఉండేది కాదు. సెలవు పెడితే ఫైలు తెరిచినవాళ్లకి ఏది ఎక్కడ ఆగిందో రెండు లైన్లలో కనిపించేది.

ఆవిడని తీసుకోవాలనుకునేవాళ్లకి ఇంకో మాట కూడా చెప్పాలి. పెద్ద మీటింగుల్లో ప్రసన్న గారు తక్కువ మాట్లాడతారు. అడిగితే చెప్తారు, అడక్కపోతే వినేసి వచ్చేస్తారు. కాబట్టి అడగండి. “సుమారుగా చెప్పేయండి, తర్వాత చూద్దాం” అనే పద్ధతి ఆవిడకి సరిపడదు. అలాంటి చోట ఇద్దరికీ ఇబ్బందే. దిగుమతి క్లియరెన్స్‌లోనూ ఎయిర్ కార్గోలోనూ ఆవిడ పని నేను చూడలేదు, అందుకే వాటి గురించి ఏమీ రాయడం లేదు. సముద్రం మీద వెళ్లే ఫ్రోజెన్ సరుకు, దాని కాగితాలు, దాని కస్టమర్లు, ఈ మూడింటిలో మాత్రం నాకు తెలిసినవాళ్లలో ఆవిడ పేరే ముందు చెప్తాను. ఒక డాక్యుమెంటేషన్ టీమ్‌ని మొదటి నుంచి కట్టాల్సి వస్తే, నేను పిలిచే మొదటి మనిషి ఆవిడే.

ఇంటర్వ్యూలో ఆవిడని బలాలు, బలహీనతలు అడిగితే పెద్దగా ఏమీ రాబట్టలేరు. ఒక బీఎల్ డ్రాఫ్టు, దానితోపాటు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు ఇచ్చి పది నిమిషాలు టైమ్ ఇవ్వండి. ఆవిడ మిమ్మల్ని తిరిగి ఏం అడుగుతారో వినండి. ఇంకా వివరాలు కావాలంటే ఇక్కడే నాకు మెసేజ్ పెట్టండి, ఆ రోజే ఫోన్ చేసి మాట్లాడతాను.