ఆఫీసు ఫోన్ పోయింది: రైతుల డేటా యాప్ లాగిన్ వెంటనే ఆపాలి

ఐటీ మేనేజర్ గారికి, కాపీ: హెచ్‌ఆర్ గారికి
నల్లగొండ, 12-09-2025, రాత్రి 8:15

సార్, నమస్తే.

బత్తాయి కొనుగోలు పనికి నాకిచ్చిన కంపెనీ ఫోన్ ఈరోజు దేవరకొండ నుంచి నల్లగొండ వచ్చే బస్సులో పోయింది. సాయంత్రం 4:10కి కొండమల్లేపల్లిలో ఒక రైతుతో మాట్లాడి చొక్కా జేబులో పెట్టుకున్నాను. 5:25కి నల్లగొండ బస్టాండులో దిగి చూస్తే లేదు. సీటు కింద వెతికాం, కండక్టర్ తన ఫోన్‌తో చేస్తే రెండుసార్లు రింగయింది. మూడోసారికి స్విచాఫ్ వచ్చింది. దాన్నిబట్టి ఎవరో తీశారనే అనుకుంటున్నాను.

అందులో 186 మంది రైతుల వివరాలు ఉన్నాయి. యాప్‌లో ఉన్నవాటికంటే గ్యాలరీలో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలంటేనే నాకు భయం. అప్‌లోడ్ అయ్యాక వాటిని తీసేయాల్సింది, తీయలేదు. తప్పు నాదే. స్క్రీన్‌కి 4 అంకెల పిన్ మాత్రమే ఉంది.

వెంటనే ఆఫీసుకొచ్చి android.com/find తెరిచాను. గూగుల్ అడిగిన OTP పోయిన ఫోన్‌కే వెళ్తుంది కాబట్టి డైరీలో రాసుకున్న బ్యాకప్ కోడ్‌తో లోపలికి వెళ్లేసరికి 6:40 అయింది. లాక్ కమాండ్ ఇచ్చాను, స్క్రీన్ మీద ఆఫీసు నంబరు పెట్టాను, పాస్‌వర్డ్ మార్చాను. ఫోన్ మాత్రం ఇంకా ఆఫ్‌లైన్ అనే చూపిస్తోంది. OTPలు ఎవరి చేతిలోనో పడతాయని 7 గంటలకు సిమ్ బ్లాక్ చేయించాను. అందువల్ల ఇక వైఫై తగిలితేనే ఆ లాక్ పడుతుంది. దాన్ని నమ్ముకుని కూర్చోలేం సార్. సర్వర్ వైపు నుంచి నా యాప్ లాగిన్ ఇప్పుడే ఆపండి, ఫోన్ మొత్తం తుడిచే కమాండ్ కూడా పెట్టండి. నిన్నటి దాకా అంతా సింక్ అయింది, ఈరోజు 9 తూకం చీటీలు కాగితం మీద నా దగ్గరే ఉన్నాయి. తుడిస్తే మనకు పోయేదేమీ లేదు.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాను. ఆ కాపీ, కొనుగోలు బిల్లు మీది IMEI నంబరుతో ceir.gov.in లో బ్లాక్ రిక్వెస్ట్ రేపు ఉదయం పెడతాను. సిమ్ కంపెనీ పేరు మీద ఉంది కాబట్టి డూప్లికేట్ సిమ్‌కి హెచ్‌ఆర్ గారి లెటర్ కావాలి. సెర్ట్-ఇన్‌కి తెలపాల్సి వస్తే, మనకు తెలిసిన 5:25 నుంచి లెక్కేస్తే 6 గంటల గడువు రాత్రి 11:25కి అయిపోతుంది. ఆ నిర్ణయం మీరు తీసుకోండి.

రైతులకు ఈ రాత్రే ఈ మెసేజ్ వెళ్లాలి. మీరు సరే అంటే ఆఫీసు నంబరు నుంచి పంపిస్తాను, వాట్సాప్ లేనివాళ్లకు నేనే ఫోన్ చేసి చెప్తాను:

“రైతు సోదరులకు నమస్కారం. మీ పేరు, ఫోన్ నంబరు, పాస్‌బుక్ ఫొటో ఉన్న మా ఆఫీసు ఫోన్ 12-09-2025 సాయంత్రం పోయింది. బత్తాయి డబ్బుల పేరుతో ఎవరు ఫోన్ చేసినా OTP, పిన్ చెప్పొద్దు. పాత ఫీల్డ్ నంబరు నుంచి వచ్చే మెసేజ్‌లు నమ్మొద్దు. ఖాతాలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.”

ఇట్లు,
ఫీల్డ్ ఆఫీసర్, దేవరకొండ రూట్