వారం రిపోర్ట్: రొయ్యల గుంటల యాప్, నవంబర్ 10 నుంచి 15 వరకు

సార్, నమస్తే.

ముందుగా అసలు సంగతి. పని సగం దాటింది, ఎక్కడా ఆగలేదు. కానీ రైతుల మీటింగ్‌లో చెప్పినట్టు జనవరి మొదటి వారంలోనే యాప్‌ను అందరికీ ఇవ్వొద్దని నా అభిప్రాయం. అప్పుడు మన టెక్నీషియన్లు రోజూ వెళ్లే గుంటల్లోంచి పదిహేను మంది రైతులకే ఇద్దాం. మిగతావాళ్లకు ఫిబ్రవరిలో, వేసవి పంటకు సీడ్ వదిలేలోపు ఇద్దాం. ఎందుకో కింద రాశాను. మీరు తేల్చాల్సిన విషయాలు చివర్లో ఉన్నాయి.

ఈ వారం పూర్తయినవి

గుంటల నమోదు, రోజువారీ మేత, చెక్ ట్రే, నీటి రీడింగుల పేజీలు పనిచేస్తున్నాయి. శాంప్లింగ్‌లో వచ్చిన సగటు బరువు కొడితే కౌంట్ దానంతటదే వస్తుంది. 20 గ్రాములైతే 50 కౌంట్, 25 గ్రాములైతే 40. ఫోటోల సైజు కూడా తగ్గించాం, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా వెళ్తున్నాయి. అక్షరాలు పెద్దవి చేశాం. ఎండలో గట్టు మీద నిలబడి చూసినా అంకెలు కనిపిస్తున్నాయని టెక్నీషియన్లు చెప్పారు.

ఒక్క జాగ్రత్త. పోయిన వారం మీరు చూసిన మేత బాకీల పేజీలో ఉన్నవి నమూనా అంకెలు. మన అకౌంట్స్ లెక్కలతో దాన్ని ఇంకా కలపలేదు. దయచేసి ఆ పేజీని డీలర్లకు గానీ రైతులకు గానీ చూపించకండి. అది తన బాకీయే అని ఎవరైనా అనుకుంటే అనవసరమైన గొడవ.

ఎంత శాతం అయిందని ఫోన్‌లో అడిగారు. 14 స్క్రీన్లలో 9 అయ్యాయి. కానీ ఆ లెక్క చూసి ధైర్యపడకండి. మిగిలినవాటిలోనే కష్టమైన పని ఉంది. బాకీలు, లాగిన్, సిగ్నల్ లేనప్పుడు కొట్టిన లెక్కలు తర్వాత సరిగ్గా చేరడం, ఇవన్నీ అందులోవే.

ఇందుకూరుపేటలో బయటపడిన సమస్య

ఈ వారం ఎక్కువ సమయం దీనికే పోయింది. సిగ్నల్ లేని గుంట దగ్గర పొద్దున కాపలా మనిషి తన ఫోన్‌లో 12 కిలోల మేత వేసినట్టు కొట్టాడు. మధ్యాహ్నం మన టెక్నీషియన్ అదే గుంటకు తన ఫోన్‌లో 15 కిలోలు కొట్టాడు. సిగ్నల్ వచ్చాక చూస్తే ఆ రోజు లెక్కలో 27 ఉండాల్సింది 15 మాత్రమే ఉంది. వెనక వచ్చిన అంకె ముందుదాన్ని తుడిచేసింది.

స్క్రీన్ మీద ఏ తప్పూ కనిపించదు, అదే దీనిలోని ప్రమాదం. మేత మొత్తం తక్కువ కనిపిస్తే ఎఫ్‌సీఆర్ బాగున్నట్టు తేలుతుంది. రైతు ఆ అంకెను నమ్మి మేత పెంచుతాడు. తినని మేత అడుగున కుళ్లి నీరు పాడవుతుంది. యాప్ లేకుండా నోటుబుక్కులో రాసుకునే రైతుకు ఈ నష్టం లేదు. అందుకే ఇది సరికాకుండా ఒక్క రైతుకు కూడా యాప్ ఇవ్వకూడదని గట్టిగా చెబుతున్నాను.

పరిష్కారం తేలింది. ఇకపై రోజు మొత్తాన్ని ఒక అంకెగా దాచం. ఎవరు, ఎప్పుడు, ఎంత వేశారో ప్రతి ఎంట్రీ విడిగా ఉంటుంది. మొత్తాన్ని వాటి నుంచే కూడతాం. ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక గుర్తు పడుతుంది కాబట్టి సిగ్నల్ వచ్చిపోతూ అదే ఎంట్రీ రెండుసార్లు చేరినా లెక్క ఒక్కసారే పడుతుంది. కోడ్ రాయడం మొదలైంది. రాయడం కంటే పరీక్షించడానికి ఎక్కువ టైం పడుతుంది.

ఆక్సిజన్ అలారం గురించి

రాత్రి ఆక్సిజన్ పడిపోతే ఫోన్ మోగుతుందని రైతులకు చెబుదామన్నారు. సార్, ఆ మాట ఇప్పుడు చెప్పొద్దు. గుంటలో మన సెన్సర్ ఏదీ లేదు. మనిషి మీటర్‌తో చూసి కొట్టిన రీడింగే యాప్‌కు తెలుస్తుంది. ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారకముందు, అప్పుడు రీడింగ్ కొట్టేవాళ్లు తక్కువ. పైగా చాలా ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనక నడిచే యాప్‌లను ఆపేస్తాయి, నోటిఫికేషన్ ఒక్కోసారి గంట ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. యాప్ మోగలేదు కదా అని ఏరియేటర్లు వేయకుండా పడుకుంటే పంట మొత్తం ఒక్క రాత్రిలో పోతుంది. రీడింగ్ 4 పీపీఎం కంటే తక్కువ కొడితే స్క్రీన్ ఎర్రగా మారి హెచ్చరిస్తుంది. అంతవరకే చెబుదాం.

మన చేతిలో లేని ఆలస్యాలు

లాగిన్‌కు ఓటీపీ వెళ్లాలంటే ట్రాయ్ నిబంధన ప్రకారం కంపెనీ పేరు, మెసేజ్‌లో ఉండే వాక్యం రెండూ టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో నమోదవ్వాలి. ఆమోదించిన వాక్యంతో ఒక్క అక్షరం తేడా ఉన్నా మెసేజ్ ఆగిపోతుంది. దీనికి పాన్, జీఎస్‌టీ కాగితాలు, మీ సంతకంతో లెటర్ కావాలి. ప్రస్తుతం ఓటీపీ లేకుండా టెస్ట్ నంబర్లతో నడుపుతున్నాం.

ప్లే స్టోర్‌లో కంపెనీ పేరుతో ఖాతా తెరవాలంటే కంపెనీలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, డన్స్ నంబర్ అడుగుతారు. అది రావడానికి 30 రోజుల దాకా పట్టొచ్చు. నా సొంత పేరు మీద వెంటనే తెరవొచ్చు, కానీ కొత్త వ్యక్తిగత ఖాతాలకు ముందుగా 12 మందితో 14 రోజులు ఆగకుండా టెస్టింగ్ జరగాలి. ఆ తర్వాతే అందరికీ విడుదల చేయడానికి అనుమతి అడగనిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, యాప్ కంపెనీది, అది ఒక ఉద్యోగి పేరు మీద ఉండకూడదు. ఎవరైనా ఖాతా తీసేయమంటే తీసేసే వీలు కూడా యాప్‌లో ఉండాలని గూగుల్ నిబంధన, ఆ పేజీ కూడా మిగిలిన అయిదులో ఉంది.

ఇది ఈశాన్య రుతుపవనాల కాలం. అల్లూరు, విడవలూరు వైపు వాన గట్టిగా పడితే టెక్నీషియన్లు గుంటల మీదికి వెళ్లలేరు, టెస్టింగ్ వెనక్కి పోతుంది. సంక్రాంతికి టీమ్‌లో ఇద్దరు ఊరెళ్తున్నారు, ఆ వారాన్ని లెక్కలో వేయలేదు.

వచ్చే వారం

మేత ఎంట్రీల మార్పు గురువారానికి పూర్తి చేసి, శుక్ర, శనివారాల్లో ఇందుకూరుపేటలో అదే రెండు ఫోన్లతో, సిగ్నల్ ఆపేసి మళ్లీ చూస్తాం. లెక్క సరిపోతే ముత్తుకూరు వైపు ఇంకో మూడు గుంటల్లో మొదలుపెడతాం. సరిపోకపోతే బాకీల పేజీ ఒక వారం ఆగుతుంది. ఐఫోన్ యాప్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టాం. మన రైతుల దగ్గర ఉన్నవి దాదాపు అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే.

మీ నుంచి కావాల్సినవి

డీఎల్‌టీ లెటర్ మీద సంతకం, డన్స్ నంబర్‌కు దరఖాస్తు, ఈ రెండూ బుధవారంలోపు జరిగితే జనవరి తేదీ నిలుస్తుంది. ఆలస్యమైన ప్రతి రోజుకూ ఆ తేదీ కూడా వెనక్కి జరుగుతుంది. రెండోది, మొదటి పదిహేను మంది రైతుల జాబితా. ఫోన్ బాగా వాడేవాళ్లనే కాకుండా, నోటుబుక్కు తప్ప ఇంకేదీ నమ్మని పెద్దవాళ్లు నలుగురైనా అందులో ఉండాలి. తప్పులు పట్టేది వాళ్లే. మూడోది, అకౌంట్స్‌లో ఒకరు వారానికి రెండు పూటలు మాతో కూర్చుంటే బాకీల పని ముందుకు కదులుతుంది. ఎవరిని పంపుతారో చెప్పండి.

సోమవారం మీరు ఆఫీసులో ఉంటే రెండు ఫోన్ల సమస్యను మీ ముందే చేసి చూపిస్తాను. పది నిమిషాలు చాలు.

నెల్లూరు ఆఫీసు, యాప్ టీమ్ నుంచి