జూన్ 7 మీటింగ్ మినిట్స్: ఏ పని ఎవరిది, ఎప్పటికి

అందరికీ నమస్కారం. ఆదివారం సెల్లార్‌లో జరిగిన అసోసియేషన్ మీటింగ్‌లో నేను రాసుకున్న పాయింట్లు, ఉన్నవి ఉన్నట్టే:

- సంప్ వాసన, కడిగించాలి, వచ్చే వారం
- ఇంకుడు గుంత, వానలు పడేలోపు
- లిఫ్ట్ ఏఎంసీ 30తో అయిపోతుంది, ఇంకో కొటేషన్
- మెయింటెనెన్స్ బాకీ 4 ఫ్లాట్లు, ఎవరైనా మాట్లాడాలి
- వాచ్‌మన్ జీతం, చూద్దాం

వీటినే పట్టికగా మార్చాను.

| అంశం | నిర్ణయం | బాధ్యత | గడువు |
|---|---|---|---|
| సంప్, పైట్యాంకు | రెండూ ఒకే రోజు కడిగించాలి. ఉదయం 8 నుంచి 1 దాకా నీళ్లు రావు, ముందురోజే అందరికీ చెప్పాలి | 204 | జూన్ 14, ఆదివారం |
| ఇంకుడు గుంత | పై ఇసుక తీసి కొత్తది వేయాలి, కంకర కడిగి మళ్లీ పరచాలి | 102 | జూన్ 12, శుక్రవారం |
| లిఫ్ట్ ఏఎంసీ | విడిభాగాలు కలిపి ఒక రేటు, కలపకుండా ఒక రేటు తేవాలి | కార్యదర్శి (301) | కొటేషన్ జూన్ 16, సంతకం జూన్ 24 |
| బాకీలు | ఇంటికెళ్లి విడిగా మాట్లాడాలి, గ్రూపులో పేర్లు పెట్టకూడదు | కోశాధికారి (403) | జూన్ 21 |
| వాచ్‌మన్ జీతం | నిర్ణయం కాలేదు. ఎంత పెంచితే ఫ్లాటుకు ఎంత పడుతుందో లెక్క తేవాలి | కోశాధికారి (403) | జులై 5 మీటింగ్ |

‘వానలు పడేలోపు’ అని రాస్తే ఆ పని ఎప్పటికీ అవదు కాబట్టి, 102 వాళ్లతో ఫోన్‌లో మాట్లాడి, వాళ్లు సరే అన్నాకే 12వ తేదీ వేశాను. గుంత మూత తీసి చూశాం, పై ఇసుక మీద మట్టి పేరుకుని గట్టిగా పట్టేసింది, బకెట్ నీళ్లు పోస్తే పైనే నిలిచిపోయాయి. ఇలాగే వదిలేస్తే టెర్రస్ మీద పడే వాననీళ్లన్నీ రోడ్డు మీదికే పోతాయి, మనమేమో ఎండాకాలమంతా ట్యాంకర్లకు డబ్బులు కడుతున్నాం.

‘ఎవరైనా మాట్లాడాలి’ అన్నచోట కోశాధికారి గారి పేరే వేశాను, ఆయన ఒప్పుకున్నారు. ప్రతి పనికీ ఒక్క ఫ్లాటే రాయడం కావాలనే చేశాను, సాయం ఎంతమందైనా చేయొచ్చు కానీ అడిగితే జవాబు చెప్పేది ఒకరే ఉండాలి.

వాచ్‌మన్ జీతం పెంచుతున్నామని దయచేసి ఎవరూ అతనికి ముందే చెప్పకండి. ఆశపెట్టి వెనక్కి తగ్గితే అతనికి చాలా కష్టంగా ఉంటుంది. నా మటుకు నాకు పెంచాలనే ఉంది, కానీ మీటింగ్‌లో తేలనిదాన్ని తేలినట్టు రాయలేను.

పట్టికలో ఏదైనా తప్పుంటే, లేదా మీకు రాసిన తేదీ కుదరదనుకుంటే బుధవారం రాత్రిలోపు చెప్పండి. గురువారం ప్రింట్ తీసి లిఫ్ట్ పక్కన అంటించి, ఇంకో కాపీ రిజిస్టర్‌లో పెడతాను.

— సంయుక్త కార్యదర్శి, 202