అందరికీ ఒకే పన్ను: లెక్క సులువే, న్యాయం కాదు

వేదిక మీదున్న న్యాయనిర్ణేతలకు, ప్రధానోపాధ్యాయులవారికి, టీచర్లకు, నా తోటి విద్యార్థులకు నమస్కారం. నేను పదో తరగతి బి సెక్షన్ తరఫున మాట్లాడుతున్నాను. ‘ప్రతి మనిషి దగ్గరా ఏటా ఒకే మొత్తం పన్నుగా వసూలు చేయాలి’ అన్న ప్రతిపాదనను నేను వ్యతిరేకిస్తున్నాను.

ఇందాక అనుకూలంగా మాట్లాడిన మిత్రుడు ఈ పన్ను చాలా సులువైనది అన్నాడు. ఒప్పుకుంటున్నాను. శ్లాబులు ఉండవు, రిటర్నులు ఉండవు, ఆడిటర్ దగ్గరికి పరిగెత్తే పని ఉండదు. తలలు లెక్కపెట్టాలి, గుణించాలి, అంతే. ఆరో తరగతి పిల్లలు కూడా ఈ లెక్క చేస్తారు.

ఆయన చెప్పని ఇంకో గట్టి పాయింట్ ఉంది. అది నేనే చెప్పేస్తాను. ఆదాయపు పన్ను ఉంటే ఎక్కువ సంపాదించినవాడు ఎక్కువ కట్టాలి కాబట్టి, కొందరు ‘ఇంకా కష్టపడి ఏం లాభం’ అనుకోవచ్చు. తలపన్నులో ఆ సమస్య లేదు. ఎంత పని చేసినా పన్ను మారదు, అందుకని ఎవరూ పని తగ్గించుకోరు. ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు దీన్ని మెచ్చుకునేది ఇందుకే.

కానీ ఆ మాటనే ఇంకోవైపు నుంచి చూడండి. ఏం చేసినా పన్ను మారదు అంటే, ఏం జరిగినా పన్ను మారదు అని కూడా. పంట మునిగినా మారదు. పని దొరక్కపోయినా మారదు. కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నా మారదు. దీని సులువు ఎక్కడి నుంచి వచ్చిందో అన్యాయం కూడా అక్కడి నుంచే వచ్చింది. మనిషి ఎలా బతుకుతున్నాడో అడగదు కాబట్టే లెక్క అంత తేలిక.

ఒక ఉదాహరణ వేసుకుందాం. పిల్లల్ని వదిలేసి, పెద్దవాళ్లకు మాత్రమే తలకు ఏడాదికి 6,000 రూపాయలు పెట్టారనుకోండి. ఒక తాపీమేస్త్రి ఇంట్లో ఆయన, భార్య, ముసలి తల్లి, డిగ్రీ చదివే కొడుకు ఉన్నారు. ఇంటిల్లిపాదికీ కలిపి నెలకు 15,000 వస్తుంది, అంటే రోజుకు 500. నాలుగు తలలకు పన్ను 24,000. అంటే 48 రోజుల సంపాదన. అదే ఊళ్లో డాక్టర్ దంపతులు ఇద్దరే ఉంటారు, నెలకు నాలుగు లక్షలు వస్తాయి. వాళ్ల పన్ను 12,000. వాళ్లకది ఒక్క రోజు సంపాదన కూడా కాదు. ఇంకో విచిత్రం గమనించారా? మేస్త్రి ఇల్లు డాక్టర్ల ఇంటికన్నా రెండింతలు కడుతోంది! తల్లిని దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నందుకు, కొడుకును చదివిస్తున్నందుకు అన్నమాట.

ఇదంతా ఊహే కదా అంటారేమో. మన టీచర్ల పే స్లిప్‌లో ‘పీటీ’ అని ఒక కటింగ్ ఉంటుంది, వృత్తి పన్ను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీతగాళ్లకు నెలకు 15,000 దాకా అది లేదు. 20,000 దాటితే నెలకు 200. ఆ తర్వాత ఇక పెరగదు. 25,000 జీతం ఉన్న క్లర్కుకూ 200, లక్ష జీతం ఉన్న ఆఫీసరుకూ 200. రాజ్యాంగంలోని 276వ అధికరణం ఈ పన్ను ఒక మనిషికి ఏడాదికి 2,500 దాటకూడదంది. మొత్తం చిన్నది కాబట్టి ఎవరూ పట్టించుకోవడం లేదు. అలాంటి పన్ను మీదే ప్రభుత్వం నడవాలి అంటే ఆ 200 ఎంత చేయాలో ఆలోచించండి.

ఇప్పుడు చరిత్రలోకి వస్తాను, ఎందుకంటే ఈ పన్ను మనవాళ్ల మీద కూడా పడింది. దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన కూలీల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లు కూడా చాలామంది ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం. అది అయ్యాక తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా స్వేచ్ఛగా ఉందామనుకున్నవాళ్ల మీద 1895లో నేటాల్ ప్రభుత్వం తలకు ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేసింది. భార్య మీద కూడా వేసింది. తర్వాత పదహారేళ్లు దాటిన కొడుకులు, పదమూడేళ్లు దాటిన కూతుళ్ల మీద కూడా వేసింది. భర్త సంపాదన సగటున నెలకు 14 షిల్లింగులకు మించేది కాదని గాంధీజీ రాశారు. పౌండుకు ఇరవై షిల్లింగులు. నలుగురున్న ఇంటికి పన్నెండు పౌండ్లు, అంటే 240 షిల్లింగులు. భర్త ఏడాదంతా సంపాదించేది 168. లెక్క మీరే చూడండి!

నిజాయితీగా చెప్పాలంటే అది భారతీయుల మీద మాత్రమే వేసిన పన్ను, మన ప్రతిపాదన అందరి మీదా. ఆ తేడా పెద్దదే, కాదనను. కానీ ఆ పాలకులు వేరే పన్నులన్నీ వదిలి దీన్నే ఎందుకు ఎంచుకున్నారు? వాళ్లకు కావలసింది కేవలం డబ్బు కాదు. కూలీలు మళ్లీ తోటల్లోకి రావాలి, లేదా దేశం విడిచి పోవాలి. పేదవాణ్ణి వంచడానికి ఇంతకన్నా సులువైన పన్ను లేదని వాళ్లకు తెలుసు. 1913లో వేలమంది కూలీలు సమ్మెకు దిగారు. 1914లో ఆ పన్ను రద్దయింది.

ఇంగ్లండులో కూడా ఇదే కథ. 1381లో పదిహేనేళ్లు దాటినవాళ్ల మీద తలకు సగటున ఒక షిల్లింగు చొప్పున వసూలు చేయబోతే రైతులు తిరగబడ్డారు. సులువు సంగతికి వస్తే, 1377లో పన్ను కట్టినవాళ్లతో పోలిస్తే 1381 నాటికి జాబితాల్లో దాదాపు మూడో వంతు మంది కనబడలేదు. జనం చచ్చిపోలేదు, దాక్కున్నారు! ఇల్లు కదలదు, పొలం కదలదు, మనిషి కదులుతాడు. 1990లో ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వం మళ్లీ ఇలాంటిదే తెస్తే లండన్‌లో పెద్ద గొడవలయ్యాయి. ఆమె పదవి పోవడానికి ఒక కారణం కూడా అదే. 1993లో ఇళ్ల విలువను బట్టి వేసే పన్ను దాని స్థానంలోకి వచ్చింది.

‘రోడ్డు అందరూ వాడుతున్నారు కదా, అందరూ సమానంగా కట్టాలి’ అంటారు. రోజుకు యాభై లారీలు తిప్పే కంపెనీ యజమానీ, సైకిల్ మీద బడికొచ్చే నేనూ రోడ్డును సమానంగా అరగదీస్తున్నామా? ‘పేదవాడు కూడా సబ్బు మీద జీఎస్టీ కడుతున్నాడుగా’ అంటారు. నిజమే, దాంట్లో కూడా లోపాలున్నాయి. అయినా పది వేల ఫోన్ కొన్నవాడికీ లక్ష ఫోన్ కొన్నవాడికీ జీఎస్టీ ఒకే మొత్తం రాదు కదా.

ఇక చివరగా, అవతలి పక్షం నుంచి తప్పక వచ్చే మాట: ‘పేదలకు రాయితీ ఇద్దాం.’ బ్రిటన్‌లో కూడా ఇచ్చారు, 80 శాతం దాకా. నా తర్వాత మాట్లాడబోయే మిత్రురాలిని ఒక్కటే అడుగుతాను. ఎవరు పేదో తేల్చాలంటే ఆదాయం అడగాలి, కాగితాలు చూడాలి, గీత గీయాలి. అప్పుడు శ్లాబులు వచ్చేస్తాయి, మీరు మొదట చెప్పిన సులువు పోతుంది. రాయితీ ఇవ్వకపోతే ఆ మేస్త్రి 24,000 ఏ నెల కూలీలోంచి కట్టాలి? ఈ రెండింటిలో మీరు ఏది ఒప్పుకుంటారో దయచేసి ఈ వేదిక మీదే చెప్పండి.

ధన్యవాదాలు.