సర్‌కి న్యూ ఇయర్ మెసేజ్: మూడోసారి రాసింది

అక్కా, పడుకున్నావా? రేపు పొద్దున్నే మన పెద్ద సర్‌కి న్యూ ఇయర్ మెసేజ్ పెట్టాలి. ఎప్పుడూ అయితే టీమ్ గ్రూపులో ఒక పూల బొమ్మ ఫార్వర్డ్ చేసి ఊరుకునేదాన్ని. ఈసారి అలా చేయబుద్ధి కావడం లేదు. అక్టోబర్‌లో బిల్లింగ్ డేటా పోయిన ఆ రాత్రి ఏం జరిగిందో నీకు తెలుసు కదా. ఎనిమిదింటి నుంచి కూర్చుని రెండు రాశాను. మొదటిది ఈమెయిల్‌కి:

"గౌరవనీయులైన సర్ గారికి నమస్కారములు. ఈ నూతన సంవత్సర శుభవేళ మీకు, మీ కుటుంబ సభ్యులకు నా హృదయపూర్వక శుభాకాంక్షలు. మీ అమూల్యమైన మార్గదర్శకత్వంలో మన విభాగం మరింత అభివృద్ధి సాధించాలని, మీకు ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలగాలని మనసారా కోరుకుంటున్నాను. మీ సహాయ సహకారాలు ఇకముందు కూడా ఇలాగే కొనసాగించగలరని ఆశిస్తూ, మీ విధేయురాలు."

తప్పేం లేదు. కానీ చదివితే సన్మాన పత్రంలా ఉంది. సర్ తర్వాత మళ్లీ గారు ఎందుకు పెట్టానో నాకే తెలియదు. అన్నిటికంటే ఆ చివరి వాక్యం నచ్చలేదు. వచ్చే నెల అప్రైజల్ పెట్టుకుని "సహాయ సహకారాలు కొనసాగించగలరని" అంటే, శుభాకాంక్షలు కాదు, అర్జీ అనుకుంటారు. పేరు మార్చి ఇంకే ఆఫీసరుకి పంపినా సరిపోతుంది. అదే దాని అసలు లోపం.

విసుగొచ్చి వాట్సాప్ తెరిచి ఇది కొట్టాను:

"హాయ్ సర్! హ్యాపీ న్యూ ఇయర్!! పోయినేడాది టెన్షన్లన్నీ పోయి ఈ ఏడాది ఫుల్ జోష్‌లో ఉండాలి. అక్టోబర్ లాంటి నైట్లు ఇక వద్దు సర్, హహ. ఇంతకీ పార్టీ ఎప్పుడు?"

దీన్ని పంపితే రేపంతా ఫోన్ వంక చూడలేను. మన టీమ్ లీడ్‌కి అయితే ఇంతకన్నా అల్లరిగా రాస్తాను, ఆయన రోజూ మన పక్కనే కూర్చుని టీ తాగే మనిషి. ఈయనతో నేను నేరుగా మాట్లాడింది ఏడాదిలో నాలుగైదు సార్లు. పైగా "పార్టీ ఎప్పుడు" అంటే ఆయన ఏదో ఒక జవాబు ఇవ్వాలి. పండగ పూట ఆయనకి ఆ పని పెట్టడం దేనికి?

అప్పుడు ఆయన నాకు పంపిన పాత మెసేజులు తీసి చూశాను. అన్నీ కలిపి ఆరు. ఒక్కదాంట్లోనూ ఎమోజీ లేదు, అలాగని బరువైన మాటా లేదు. మనం ఎంత జూనియర్లమైనా "మీరు" అనే అంటారు. ఆ రాత్రి రెండింటికి పెట్టింది ఇంకా ఉంది: "డేటా తిరిగొచ్చింది. మిగతాది నేను చూసుకుంటాను. మీరు ఇంటికెళ్లి పడుకోండి." ఆ ధోరణిలోనే రాస్తే పోలా అనిపించింది. పది నిమిషాల్లో అయిపోయింది:

"సర్, నమస్తే. నూతన సంవత్సర శుభాకాంక్షలు. అక్టోబర్‌లో బిల్లింగ్ డేటా పోయిన రాత్రి మీరు రెండింటి దాకా కాల్‌లోనే ఉన్నారు. మర్నాడు క్లయింట్ దగ్గర తప్పు నా పేరు మీద కాకుండా టీమ్ మొత్తానిదని చెప్పారు. అప్పుడు థాంక్స్ చెప్పడానికి కూడా మాట రాలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆ తర్వాత నుంచి ప్రతి మార్పుకీ ముందు బ్యాకప్ సరిచూసుకుని గానీ ముట్టుకోవడం లేదు. మీకు, ఇంట్లో అందరికీ ఈ ఏడాది ఆరోగ్యంగా, ప్రశాంతంగా గడవాలని కోరుకుంటున్నాను. – మాధవి, బిల్లింగ్ టీమ్"

"శుభాకాంక్షలు" ఉంచాను, "హ్యాపీ న్యూ ఇయర్" తీసేశాను. "థాంక్స్" మాత్రం అలాగే వదిలేశాను. "కృతజ్ఞతలు" అని మార్చి చూస్తే మళ్లీ సన్మాన పత్రం వాసన వచ్చింది. ముందు "మీ వల్లే నా ఉద్యోగం నిలిచింది" అని కూడా రాశాను. నిజమే అయినా చదివేవాళ్లకి ఇబ్బంది, కొట్టేశాను. కింద పేరు, టీమ్ పెట్టాను, నా నంబర్ ఆయన ఫోన్‌లో సేవ్ అయి ఉంటుందన్న నమ్మకం లేదు. గ్రూపులో కాకుండా విడిగా, వాట్సాప్‌లోనే పెడతాను. ఆ రాత్రి మాటలన్నీ అక్కడే నడిచాయి. అర్ధరాత్రి పన్నెండింటికి కాదు, పొద్దున తొమ్మిది దాటాక.

బ్యాకప్ వాక్యం గొప్పలు చెప్పుకున్నట్టు ఉందా? ఉంటే తీసేస్తాను. ఎనిమిదిన్నర లోపు చెప్పు అక్కా. నీకూ హ్యాపీ న్యూ ఇయర్, నీకు డ్రాఫ్టులేం రాయలేదు.