విషయం: క్వాలిటీ ల్యాబ్ నుంచి ప్రొక్యూర్‌మెంట్‌కు బదిలీ కోసం దరఖాస్తు (ఫీల్డ్ ఆఫీసర్ పోస్టు)

ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్ గారికి నమస్కారం సార్,

నేను హేమలత, క్వాలిటీ ల్యాబ్‌లో కెమిస్ట్‌ని. 2019 నుంచి మన చిత్తూరు ఫ్యాక్టరీలోనే ఉన్నాను. సీజన్‌లో మీ వాళ్లతో గేటు దగ్గర రోజూ మాట్లాడేదాన్నే. మీ విభాగంలో ఫీల్డ్ ఆఫీసర్ పోస్టు ఖాళీగా ఉందని నోటీసు బోర్డులో చూశాను. నన్ను ఆ పోస్టుకు తీసుకోమని కోరుతున్నాను.

ల్యాబ్ పని విసుగొచ్చి అడగడం లేదు సార్. లోడు మా దాకా వచ్చాక మేము చేయగలిగేది తక్కువ. మొన్న జూన్‌లో బంగారుపాళెం వైపు నుంచి తోతాపురి ట్రాక్టర్ ఒకటి వచ్చింది. చూడటానికి కాయ భేషుగ్గా ఉంది. కోస్తే లోపల ఇంకా తెలుపే, టెంక కూడా ముదరలేదు. అలాంటి కాయను ఎథిలీన్ గదిలో పెడితే తొక్క పసుపెక్కుతుంది గానీ తీపి రాదు, బ్రిక్స్ అందదు. రిజెక్ట్ రాయక తప్పలేదు. కోత కూలీ, ట్రాక్టర్ బాడుగ రెండూ రైతు నెత్తినే పడ్డాయి. కోతకు ముందే తోటలో రెండు కాయలు కోసి చూసి ఉంటే, ఇంకొన్నాళ్లు ఆగమని చెప్పేవాళ్లం.

పురుగుమందుల సంగతీ అంతే. ఎగుమతి సరుకులో అవశేషాలు తేలాయంటే, అది ఏ తోట కాయో పట్టుకోలేం. అప్పటికే నాలుగైదు తోటల కాయ ఒకే బ్యాచ్‌లో కలిసిపోయి ఉంటుంది. ఏ మందు, ఏ తేదీన కొట్టారు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపారు అన్నది తోటలోనే రాయించుకోవాలి. ఆ పని నాకు అప్పగిస్తే వచ్చే పూత నుంచే మొదలుపెడతాను.

మాదీ ఐరాల దగ్గర మామిడి తోటే. తోతాపురి, బేనీషా రెండూ ఉన్నాయి. బండి నడుపుతాను, లైసెన్స్ ఉంది. తమిళం బాగా వచ్చు, గుడియాత్తం వైపు రైతులతో ఇబ్బంది ఉండదు. రేటు బేరాలు మాత్రం నాకు కొత్త, అవి మీ వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. ఇప్పుడున్న గ్రేడు, జీతంతోనే రావడానికి సిద్ధం.

మా ల్యాబ్ ఇన్‌చార్జి గారికి ముందే చెప్పాను, ఆయనకు అభ్యంతరం లేదు. సీజన్ పని పూర్తిగా ముగించి, రికార్డులన్నీ జూనియర్ కెమిస్ట్‌కు అప్పగించాకే వస్తాను. సెప్టెంబర్ మొదటి వారం నుంచైతే ల్యాబ్‌కు ఇబ్బంది ఉండదు. హెచ్‌ఆర్‌కు ఇవ్వాల్సిన బదిలీ ఫారం, నా బయోడేటా ఈ మెయిల్‌కు జతచేశాను.

మీకు వీలున్న రోజు చెబితే వచ్చి కలుస్తాను సార్. ఉదయం షిఫ్టులో ఉన్నాను కాబట్టి మధ్యాహ్నం మూడు తర్వాతైతే ఎప్పుడైనా సరే.

ఇట్లు,
హేమలత
కెమిస్ట్, క్వాలిటీ ల్యాబ్
చిత్తూరు