ముందు దిండు పట్టుకో

సుజీ,

పక్కనున్న దిండు తీసి పొట్టకి అదుముకో. తరవాతే ఇది చదువు. నవ్వినా, దగ్గినా కుట్లు ఎలా లాగుతాయో నేనెరుగుదును. నా సిజేరియన్ అయిన మూడో రోజున నువ్వొచ్చి మన లెక్కల మేష్టార్ని అనుకరిస్తే నవ్వలేక ఏడ్చాను, గుర్తుందా? ఆ బాకీ అలాగే ఉంది. ఇవాళ తీర్చుకోనులే, భయపడకు.

నిన్న అన్నయ్యగారు ఫోన్లో "గాల్ బ్లాడర్ తియ్యడం చిన్న ఆపరేషనేనమ్మా, నాలుగు గాట్లు, అంతే" అన్నారు. వెనకాల నుంచి నీ మూలుగు వినపడుతూనే ఉంది. గాట్లు చిన్నవే కావచ్చు, మంచం మీద ఇటు నుంచి అటు తిరగాలంటే ప్రాణం పోతోందని నువ్వంటే నేను నమ్ముతాను. పొట్టలో ఆపరేషన్ చేస్తే భుజం పీకడమేంటని కంగారుపడ్డావట. మా అక్కకి గాల్ బ్లాడర్ తీసినప్పుడూ ఇంతే. పొట్ట ఉబ్బేలా గ్యాస్ నింపి చేస్తారట, అందుకే భుజం లాగుతుందని డాక్టరుగారు చెప్పారు. దానికి మూడో రోజుకల్లా సర్దుకుంది. నొప్పి ఎక్కువవుతున్నా, జ్వరం తగిలినా మాత్రం ఓర్చుకుంటూ పడుకోకు, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయించు. నీ ఓర్పు సంగతి చూశాంగా! ఏడాది పాటు "గ్యాసేలే" అని వాము నమిలిన మనిషివి.

రాళ్ల సీసా ఫోటో బాబు పంపాడు. పదకొండు లెక్కపెట్టాను. అచ్చనగాయలకి అయిదు చాలు కదే, అన్నెందుకు పోగేశావు? (దిండు! దిండు!)

సరిగ్గా పులస సీజన్లో పడ్డావు, అదొక్కటే నాకు బాధగా ఉంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ కుట్లు తెంపుకుని తినమని ఎవరూ అనలేదు. డాక్టరు సరేననే దాకా బీరకాయ కూర, పల్చటి చారుతో గడిపెయ్. అన్నయ్యగారు పెట్టే చారు గురించి విన్నాను. నీ నొప్పుల్లో అదీ ఒకటని ఒప్పుకుంటున్నాను.

ఆదివారం పొద్దున్న రైలుకి వైజాగ్ నుంచి బయల్దేరుతున్నా. తలుపు తియ్యడానికి లేచావంటే అట్నుంచటే వెనక్కి వెళ్లిపోతాను. కాఫీ నేనే పెట్టుకుంటా, డికాక్షన్ డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలుసు. ఫలానా వాళ్ల పిన్నికి ఇదే ఆపరేషన్ వికటించిందని కథలు చెప్పే చుట్టాలెవరైనా కూర్చుని ఉంటే వాళ్లని గుమ్మం దాటించే పని కూడా నాదే. నువ్వు మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, లేదంటే కళ్లు మూసుకుని పడుకో. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటుంటాను.

తొందరగా కోలుకోవే. అంటే తొందరపడి లేవమని కాదు, బిందెలెత్తమని అసలే కాదు.

నీ,
లక్ష్మి

తా.క.: ఆ సీసా పారేయకు. ఆదివారం వచ్చి మళ్లీ లెక్కపెడతాను, ఫోటోలో పన్నెండోది ఒకటి దాక్కున్నట్టుంది.